గొడవైన ప్రతిసారీ ‘విడిపోదాం’ అంటుంటే: ఆ మాటను ఆపడానికి ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

గొడవ మొదలై పది నిమిషాలు కాదు, ‘నీతో నా వల్ల కాదు, విడిపోదాం’ అనేస్తారు. లేదా ‘రేపే మా అమ్మవాళ్ళింటికి వెళ్ళిపోతా’. తెల్లారేసరికి అన్నవాళ్ళు మామూలైపోతారు, కాఫీ తాగుతూ కరెంటు బిల్లు గురించి మాట్లాడతారు. విన్నవాళ్ళు మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోతారు.

‘ఆ క్షణంలో నేనేమనాలి?’ అనే చాలామంది అడుగుతారు. ఆ క్షణంలో చేయగలిగింది కొంచెమే. అసలు పనంతా గొడవ లేని రోజుల్లో, ఒక వరుసలో చేయాలి. ఆ వరుస ఇది. ముఖ్యంగా ఆ మాట వింటున్నవారి కోసం రాశాం. అనే అలవాటున్నవారికి 7వ భాగం ఉంది.

## 1. ముందు అది ఏ రకం మాటో తేల్చుకోండి

బయటికి ఒకేలా వినిపించినా ఈ మాట మూడు రకాలు. ఒక్కోదానికి చేయాల్సింది వేరు కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

వేడిలో వచ్చే మాట. గొడవ పెరిగాకే వస్తుంది, గొడవ చల్లారగానే పోతుంది. అన్నవాళ్ళు ఆ తర్వాత ఎక్కడికీ వెళ్ళరు, వెళ్ళే ఏర్పాటూ చేయరు. చాలా ఇళ్ళలో ఉండేది ఇదే.

లొంగదీసుకోవడానికి వాడే మాట. దాని వెనకాల ఎప్పుడూ ఒక షరతు ఉంటుంది: ‘ఉద్యోగం మానకపోతే వదిలేస్తా’, ‘మీ అక్కతో మాట్లాడితే ఇంట్లో ఉండనివ్వను’. గొంతు పెంచకుండా, నింపాదిగా కూడా అనగలరు. షరతు ఒప్పుకోగానే మాట ఆగుతుంది. కొన్నాళ్ళకు ఇంకో షరతు వస్తుంది.

నిజంగా వెళ్ళాలనుకునే మాట. గొడవ లేనప్పుడు కూడా వస్తుంది. కోపం కంటే అలసట ఎక్కువ వినిపిస్తుంది. వేరే ఇల్లు చూడటం, డబ్బు విడిగా పెట్టుకోవడం, పిల్లల స్కూలు గురించి ఆలోచించడం లాంటివి పక్కన జరుగుతుంటాయి.

మీది ఏ రకమో తెలియాలంటే ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోండి:

- ఆ మాట వచ్చిన తర్వాతి రెండు రోజుల్లో వాళ్ళు ఏం చేశారు? (అన్నది కాదు, చేసింది.)
- మాటతో పాటు షరతు ఉందా? మీరు లొంగితేనే ఆగిందా?
- గొడవ లేని రోజున ఎప్పుడైనా అన్నారా?
- ఆ మాట విన్నప్పుడు మీకు కలిగేది బాధా, భయమా?

భయం అని రాశారంటే, లేదా షరతుల జాబితా పెరుగుతోందంటే, నేరుగా 9వ భాగానికి వెళ్ళండి. కొట్టడం, ఫోను లాక్కోవడం, డబ్బు ఆపేయడం ఉన్నచోట 3 నుంచి 6 దాకా ఉన్న అడుగులు వేయకూడదు. సమాన స్థాయిలో ఉన్న ఇద్దరు చేసుకునే ఒప్పందాలవి. అలా లేనిచోట వాటినే మీ మీదికి తిప్పుతారు.

ఇంకో మాట. ఒకే వాక్యం ఇద్దరి నోట ఒకే బరువుతో ఉండదు. ఇల్లు తన పేరు మీద, జీతం తన ఖాతాలో ఉన్న మనిషి ‘విడిపోదాం’ అంటే ఎదుటివారికి అది ‘నువ్వు రోడ్డు మీదే’ అని వినిపిస్తుంది. వెళ్ళడానికి పుట్టిల్లంటూ లేనివాళ్ళకు ఇంకా ఎక్కువగా వినిపిస్తుంది. ‘నేను ఊరికే అన్నాను’ అనే సంజాయిషీ అందుకే పనిచేయదు.

## 2. ఆ మాట ఎందుకు ఆగదో తెలుసుకోండి

కారణం చాలా మామూలుది. ఆ మాట పనిచేస్తోంది, అందుకే ఆగట్లేదు.

అది రాగానే గొడవ ఆగుతుంది. ఎదుటివారు ఏడుస్తారు, బతిమాలుతారు, లేదా నోరు మూసుకుంటారు. అన్నవారికి ఇరకాటంలోంచి బయటపడిన ఊరట. విన్నవారికి కూడా, లొంగిపోయాక ‘హమ్మయ్య, వెళ్ళలేదు’ అనే ఊరట. ఇద్దరికీ ఏదో కాస్త దక్కుతోంది కాబట్టి వచ్చేసారి దారి ఇంకా నునుపవుతుంది. కావాలని ఎత్తు వేస్తేనే ఇలా జరగాలని లేదు. తెలియకుండానే అలవాటైపోతుంది.

ఒంట్లో జరిగేది కూడా ఒకటుంది. భార్యాభర్తల గొడవలను ఏళ్ళ తరబడి ప్రయోగశాలలో గమనించిన అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ ప్రకారం, గుండె నిమిషానికి 100 సార్లకు పైగా కొట్టుకుంటున్నప్పుడు మనిషి ఎదుటివారి మాట సరిగా వినలేరు, ఆలోచించి జవాబు చెప్పలేరు. ఆ స్థితిలో పారిపోవాలనిపిస్తుంది. ‘వెళ్ళిపోతా’ అన్న మాటలో సగం, ‘ఈ గదిలోంచి నన్ను బయటికి పోనివ్వు’ అన్నదే. ఒళ్ళు మళ్ళీ కుదురుకోవడానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది. 5వ భాగంలోని ఒప్పందం ఈ లెక్క మీదే నిలబడింది.

విన్నవారిలో జరిగేది నెమ్మదిగా జరుగుతుంది, కాబట్టి కనిపించదు. మొదట్లో ఆ మాట రాగానే గొడవ విషయం మర్చిపోయి సంబంధాన్ని కాపాడుకునే పనిలో పడతారు. తర్వాత గొడవే రాకుండా చూసుకుంటారు. ఏ విషయం ఎత్తకూడదో, ఏ పూట మాట్లాడకూడదో నేర్చుకుంటారు. ఆ తర్వాత పెద్ద నిర్ణయాలు వాయిదా పడతాయి: ఇద్దరి పేరు మీద ఇంటి లోను, రెండో బిడ్డ, ఊరు మారడం. ఎందుకు వాయిదా వేస్తున్నారో పైకి చెప్పరు.

చివరి మెట్టు మాట విన్నా ఏమీ అనిపించకపోవడం. ‘అలవాటైపోయింది, ఇప్పుడు పట్టించుకోను’ అని కొందరు ధీమాగా చెబుతారు. మా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన దశ అదే. ఆ మనిషి లోపల ఇప్పటికే సగం విడిపోయారు, విడిపోతానని అంటున్నవారికి ఆ సంగతి తెలియదు.

## 3. గడిచిన ఐదు గొడవల లెక్క రాయండి

మాట్లాడటానికి కూర్చునే ముందు ఈ పని తప్పనిసరి. గుర్తున్నంతవరకు చివరి ఐదు గొడవలు తీసుకుని, ఒక్కోదానికి నాలుగు విషయాలు రాయండి:

1. ఏ విషయం మీద మొదలైంది
2. ఆ మాట రావడానికి ముందు చివరిగా అన్న వాక్యం ఏది, ఎవరన్నారు
3. మాట వచ్చాక మీరేం చేశారు
4. మొదలైన విషయం చివరికి ఏమైంది

ఒక జంటను ఊహించుకుందాం. ఇద్దరూ ఉద్యోగస్తులు, నిజాంపేటలో అద్దె ఇల్లు, పెళ్ళై ఆరేళ్ళు. భర్త 5 లక్షల చిట్టీ పాడుకున్నాడు. వచ్చిన డబ్బులోంచి లక్షన్నర స్నేహితుడికి సర్దాడు, భార్యకు చెప్పలేదు. పాసుబుక్కు చూసి ఆమె అడిగింది. మొదట అతను దాటవేశాడు. ఆమె మళ్ళీ అడిగింది: ‘ఇంకా ఎన్ని దాచావు?’ అతను: ‘ప్రతిదానికీ లెక్కలడిగే మనిషితో నేను బతకలేను. విడిపోదాం.’ ఆమె నోరు మూసుకుని పక్క గదిలోకి వెళ్ళింది. రెండు రోజుల తర్వాత అతను బిర్యానీ పట్టుకొచ్చాడు. లక్షన్నర మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆమె ఐదు గొడవలు రాసి చూసుకుంటే మూడు డబ్బు గురించే. మూడింటిలోనూ ‘విడిపోదాం’ అన్న మాటకు ముందు వచ్చింది అతను సిగ్గుపడాల్సిన ప్రశ్న: ‘ఎన్ని దాచావు’, ‘ఎవరినడిగి ఇచ్చావు’, ‘మీ అన్నయ్య తిరిగిచ్చాడా’. మూడింటిలోనూ ఆమె చేసింది ఒకటే, మౌనం. నాలుగో గడిలో మూడుసార్లూ ఒకే జవాబు: తేలలేదు.

ఈ కాగితం రెండు సంగతులు చెబుతోంది. అతను ఆమెను వదలాలని చూడట్లేదు, డబ్బు విషయంలో తప్పు చేశానన్న సిగ్గు తట్టుకోలేక తలుపు వేసేస్తున్నాడు. ఆమె ఆ తలుపు ముందు ప్రతిసారీ వెనుదిరుగుతోంది. ఎవరి తప్పు ఎక్కువన్నది వేరే ప్రశ్న. ఎక్కడ చేయి పెట్టాలో తెలిసింది, ప్రస్తుతానికి అది చాలు.

కాగితం ఎదుటివారికి చూపించకండి. వాళ్ళకది ఛార్జిషీటులా కనిపిస్తుంది.

## 4. గొడవ లేని రోజున ఆ ఒక్క విషయం మాట్లాడండి

ముందు సమయం. చివరి గొడవ జరిగి కనీసం మూడు రోజులు గడవాలి. ఇద్దరూ తిని ఉండాలి, నిద్ర సరిపోయి ఉండాలి, పిల్లలు, పెద్దవాళ్ళు వినేంత దగ్గర్లో ఉండకూడదు. ఇంట్లో వీలుకాకపోతే సాయంత్రం నడకకు వెళ్ళండి. పక్కపక్కన నడుస్తూ మాట్లాడితే ఎదురెదురుగా కూర్చున్నంత ఇబ్బంది ఉండదు. కారులో, వాట్సాప్‌లో, పెళ్ళికి బయల్దేరుతూ వద్దు.

తర్వాత మాట. మొత్తం మూడు నాలుగు వాక్యాలు చాలు: ఏం జరుగుతోంది, మీలో ఏమవుతోంది, ఏం కావాలి. పై ఉదాహరణలో భార్య ఇలా అనవచ్చు:

‘నీతో ఒక్క విషయం మాట్లాడాలి, పది నిమిషాలు చాలు. గొడవలో నువ్వు విడిపోదాం అన్నప్పుడల్లా నేను మాట్లాడటం ఆపేస్తున్నాను. ఒప్పుకుని కాదు, బాధేసి. ఆ తర్వాత రోజులకొద్దీ నిద్ర పట్టట్లేదు. కోపం వస్తే అరుచుకో, బయటికి వెళ్ళిరా, కానీ ఆ మాట మన గొడవల్లోంచి తీసేద్దాం.’

ఇందులో లక్షన్నర ప్రస్తావన లేదు చూడండి. రెండూ ఒకే రోజు పెడితే డబ్బు గొడవే నడుస్తుంది, ఆ మాట మళ్ళీ వస్తుంది.

‘నువ్వే రెచ్చగొడతావు కదా’ అన్న జవాబు దాదాపు ఖాయం. వాదించకండి. ‘నేనెలా అడిగితే నీకు కష్టంగా ఉంటుందో చెప్పు, మార్చుకోగలిగింది మార్చుకుంటాను. ఆ మాట మాత్రం దానికి జవాబు కాకూడదు’ అనండి. ఇక్కడ చాలాసార్లు అసలు సంగతి బయటికొస్తుంది. మన ఉదాహరణలో అతను అన్నది: ‘నువ్వు ఎన్ని దాచావు అన్నప్పుడు నన్ను దొంగలా నిలబెట్టినట్టుంటుంది.’ ఆమె వినాల్సిన మాటే. దాన్ని విన్నంత మాత్రాన డబ్బు లెక్క అడిగే హక్కు పోదు.

చివరగా ఒక సూటి ప్రశ్న: ‘నిజంగా వెళ్ళాలని ఉందా? ఉంటే ఆ మాట విడిగా మాట్లాడదాం, వింటాను.’ భయపడి చాలామంది ఇది అడగరు. అడగకపోతే ఆ తర్వాత చేసుకునే ఏ ఒప్పందం కిందా నేల ఉండదు.

## 5. ఒప్పందం: ఆ మాట స్థానంలో ఏం పెట్టాలి

‘ఇంకెప్పుడూ అనను’ అన్న ప్రమాణం వారం నిలవదు. గొడవలోంచి బయటపడే దారి ఇంకోటి లేనంతకాలం పాత దారే వాడతారు. కాబట్టి రెండు కొత్త దారులు పెట్టుకోవాలి.

మొదటిది విరామం. ఇందులో నాలుగు అంశాలుండాలి, ఒకటి తగ్గినా పనిచేయదు:

- ఇద్దరిలో ఎవరైనా వాడగలిగే ఒక చిన్న మాట. ‘ఆగుదాం’ చాలు.
- తిరిగొచ్చే సమయం చెప్పడం. ‘తొమ్మిదిన్నరకి మాట్లాడదాం.’ కనీసం 20 నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ మర్నాడు అదే వేళ.
- విరామంలో గొడవను నెమరేయకపోవడం. నడక, స్నానం, గిన్నెలు కడగడం ఏదైనా సరే. స్నేహితులకు ఫోన్ చేసి కథంతా చెప్పడం విరామం కాదు, గుండె వేగం అలాగే ఉంటుంది.
- విరామం అడిగినవారే తిరిగొచ్చి మాట మొదలుపెట్టడం. ఎక్కువగా తప్పేది ఇదే. తిరిగి రాని విరామం విన్నవారికి మరో రకం వదిలేయడంలానే ఉంటుంది.

రెండోది, విడిపోవడం గురించి మాట్లాడే వేరే చోటు. నిషేధం పెట్టి ఊరుకుంటే నిజంగా ఊపిరాడనివారికి అది నోరు నొక్కడమవుతుంది. కాబట్టి ఇలా అనుకోండి: విడిపోవాలని ఎవరికైనా నిజంగా అనిపిస్తే, గొడవ చల్లారి 48 గంటలు గడిచాక, కూర్చుని చెప్పాలి. ఎదుటివారు అప్పుడు ఎగతాళి చేయకుండా వినాలి. ఆ 48 గంటలు ఏ పరిశోధనలోదో కాదు, ఒక రాత్రి నిద్రా ఒక పనిదినం మధ్యలో పడాలన్న లెక్క. మూడు రోజులు పెట్టుకున్నా తప్పులేదు.

దీన్నంతా ఫోన్ నోట్స్‌లో నాలుగైదు లైన్లు రాసి ఇద్దరూ దాచుకోండి. గొడవలో ఒకరి జ్ఞాపకం ఇంకొకరి జ్ఞాపకంతో కలవదు.

## 6. ఒప్పందం తర్వాత మళ్ళీ ఆ మాట వస్తే

వస్తుంది. ఇన్నాళ్ళూ పనిచేసినది ఒక్కసారిగా పనిచేయకపోతే, అది ఆగేముందు కొన్నాళ్ళు ఎక్కువవడం అలవాట్ల స్వభావం. మాటతో ఆగేవారు బట్టలు సర్దడం మొదలుపెట్టవచ్చు, కారు తాళాలు తీసుకోవచ్చు. ‘ఒప్పందం బెడిసికొట్టింది’ అని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ఈ సమయంలో ఒక్కసారి లొంగినా, ‘ఇంకాస్త గట్టిగా అంటే పనవుతుంది’ అని నేర్పినట్టే.

అప్పుడు చేయాల్సింది:

1. గొంతు తగ్గించి ఒకే వాక్యం: ‘ఆ మాట మీద ఇప్పుడు మాట్లాడను. ఆగుదాం, తొమ్మిదిన్నరకి డబ్బు విషయం మాట్లాడదాం.’
2. బతిమాలకండి, ‘వెళ్ళు, చూస్తా’ అని సవాలు చేయకండి. రెండూ ఆ మాటకు బలమిస్తాయి.
3. మీరు గది మారండి. దారికి అడ్డం నిలబడకండి, చేయి పట్టుకోకండి.
4. చెప్పిన సమయానికి తిరిగొచ్చి మొదలైన విషయమే ఎత్తండి.

నాలుగోది మిగతా మూడింటికంటే ముఖ్యం. బెదిరింపు ఆ విషయాన్ని పూడ్చలేకపోయిందని ఇద్దరికీ తెలిసేది అప్పుడే. మన ఉదాహరణలో ఆమె తిరిగొచ్చి ఇలా అడగవచ్చు: ‘నిన్ను దొంగ అనట్లేదు. లక్షన్నర ఎప్పటికి వస్తుంది, ఈలోగా చిట్టీ వాయిదా ఎందులోంచి కడదాం? ఈ రెండే అడుగుతున్నా.’ ప్రశ్న ‘ఎన్ని దాచావు’ నుంచి ‘ఎప్పటికి వస్తుంది’ అని మారింది. సిగ్గు తగ్గింది, లెక్క పోలేదు. స్నేహితుడు నెలకు పాతిక వేల చొప్పున ఆరు నెలల్లో ఇస్తాడని తేలితే తారీకులు రాసుకుంటారు. ఇవ్వలేడని తేలితే అది కూడా ఆ రాత్రే తెలుస్తుంది.

గొడవ ముగిశాక, మర్నాడైనా సరే, మాట అన్నవారు దాన్ని వెనక్కి తీసుకోవాలి. ‘సారీ’ సరిపోదు. ‘విడిపోదాం అన్నాను. నాకలా లేదు. నువ్వు అడుగుతుంటే తట్టుకోలేక అన్నాను’ అని ఆ మాట పేరు పెట్టి చెప్పాలి. బిర్యానీ తేవడం మంచిదే, కానీ దానికి బదులు కాదు.

## 7. అనే అలవాటు మీదైతే

మాట నోటి దాకా వచ్చేముందు ఒళ్ళు చెబుతుంది: చెవులు వేడెక్కడం, దవడ బిగుసుకోవడం, గొంతు పెరగడం. మీ గుర్తు ఏదో కనిపెట్టండి. ‘ఆగుదాం’ అనాల్సింది అప్పుడే. మాట వచ్చేశాక అంటే ఆలస్యమైనట్టే.

రెండోది, ఆ వాక్యానికి బదులు వాక్యం ముందే సిద్ధం చేసుకోండి. లోపల ఉన్నది ఏమిటో చూసుకుంటే సాధారణంగా ఈ మూడింటిలో ఒకటి దొరుకుతుంది:

- ‘నా మాట వినట్లేదనిపిస్తోంది’ అనిపించినవారు: ‘ఐదు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి విను.’
- సిగ్గేసినవారు: ‘తప్పు చేశాను, కానీ ఇప్పుడు చెప్పలేకపోతున్నా. అరగంట ఇవ్వు.’
- నిజంగా విసిగిపోయినవారు: ‘ఈ విషయంలో చాలా అలిసిపోయాను. ఆదివారం కూర్చుని మాట్లాడాలి.’

తమ మాట వినట్లేదనిపించినవారితో చిక్కొకటుంది. ఎన్నిసార్లు మామూలుగా చెప్పినా పట్టించుకోని భాగస్వామి, ‘వెళ్ళిపోతా’ అంటే తప్ప తలెత్తకపోతే, ఆ అలవాటు ఇద్దరూ కలిసి చేసుకున్నదే. అలాంటిచోట వినేవారు చిన్న మాటకే స్పందించడం మొదలుపెట్టకపోతే పెద్ద మాట ఆగదు.

చిన్నప్పుడు అమ్మానాన్నల్లో ఒకరు ఇలాగే అంటుంటే విని పెరిగినవారికి ఇది గొడవ భాషలో మామూలు మాటే అనిపిస్తుంది. ఎదుటివారు అలా పెరగలేదని గుర్తుంచుకుంటే చాలు.

## 8. ఎక్కువగా జరిగే తప్పులు, సర్దుబాటు

వెంటనే పెద్దవాళ్ళను పిలవడం. ఇద్దరి మధ్య చల్లారాల్సింది రెండు కుటుంబాల పరువు సమస్య అవుతుంది. మీరు మర్చిపోయినా వాళ్ళు మర్చిపోరు. తప్పనిసరైతే ఇద్దరికీ ఇష్టమైన ఒక్క మనిషిని, ఇద్దరి అనుమతితో పిలవండి.

తిరుగు బెదిరింపు. ‘నువ్వేంటి వెళ్ళేది, నేనే వెళ్తా.’ ఇది ఒకసారి అంటే ఒప్పందం గురించి అడిగే అర్హత పోతుంది. అనేసి ఉంటే ముందు మీ మాట మీరు వెనక్కి తీసుకోండి.

రుజువులు అడగడం. రోజుకు నాలుగుసార్లు ‘నన్ను వదలవు కదా’ అని అడగడం, ఫోన్ చూడటం. ధైర్యం గంట సేపు ఉంటుంది, మళ్ళీ అడగాలనిపిస్తుంది. బదులుగా వారానికోసారి అరగంట కూర్చోండి: ఈ వారం ఒప్పందం ఎలా నడిచింది, వచ్చే వారం ఏ విషయం మాట్లాడాలి.

పిల్లల ముందు. వాళ్ళు వినేసి ఉంటే విననట్టు నటించకండి. ‘నాన్నకి కోపమొచ్చి అన్నారు, ఎవరూ ఎక్కడికీ వెళ్ళట్లేదు’ అని, అది నిజమైతేనే, మాట అన్నవారి నోటే చెప్పించండి.

చట్టం గురించి తప్పుడు భయం. ‘రేపే విడాకులు’ అన్నది జరిగే పని కాదు. హిందూ వివాహ చట్టం, 1955లోని 13బి సెక్షన్ ప్రకారం, పరస్పర అంగీకారంతో విడాకులు అడగాలన్నా అప్పటికి కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి. దరఖాస్తు వేశాక మరో ఆరు నెలల గడువుంటుంది (దీన్ని కోర్టు కొన్ని సందర్భాల్లో మాఫీ చేయవచ్చు). ముస్లిం కుటుంబాల్లో ఒక్కసారే మూడుసార్లు తలాక్ అనేయడం 2019 చట్టం ప్రకారం చెల్లదు, నేరం కూడా. కోపంలో అన్న మాట పెళ్ళిని రద్దు చేయదు.

## 9. ఎంతకాలం చూడాలి, ఎప్పుడు ఆపాలి

వేడిలో వచ్చే మాటైతే మూడు నెలలు చూడండి. మాట పూర్తిగా మాయమైందా అని చూడకండి. చూడాల్సినవి ఇవి:

- మాట వచ్చినా వెనక్కి తీసుకుంటున్నారా
- విరామం తర్వాత తిరిగొస్తున్నారా
- తేలకుండా మిగిలిపోతున్న విషయాలు తగ్గుతున్నాయా
- మీరు ఎత్తడానికి భయపడే విషయాల జాబితా చిన్నదవుతోందా

చివరిది అన్నిటికంటే నమ్మదగినది. మాట ఆగిపోయి, మీరు మాత్రం ఏదీ అడగకుండా బతుకుతుంటే అది మెరుగుదల కాదు.

మూడు నెలల్లో ఏదీ కదలకపోతే జంటలతో పనిచేసే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళండి. మొదటిసారి వెళ్ళినప్పుడే అడగండి: ‘ఇద్దరినీ కలిపి చూస్తారా? మాలో ఒకరికి విడిపోవాలో వద్దో తేలకపోతే ఎలా పనిచేస్తారు?’ రెండో ప్రశ్నకు ‘సర్దుకుపోండి’ అన్న జవాబు వస్తే ఇంకొకరిని వెతకండి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

‘నువ్వు వెళ్తే చచ్చిపోతా’ అన్న మాట వస్తే దాన్ని ఈ ఒప్పందాల్లో కలపకండి. నిజమా, బెదిరింపా అని తేల్చే పని మీది కాదు. మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్యసాయం అడగండి. అత్యవసరమైతే 112. దాని కోసం అసలు గొడవలో మీరు లొంగాల్సిన పని లేదు.

లొంగదీసుకునే రకమైతే ఎదురుచూడాల్సింది లేదు. మాట మార్చమని అడగడం వల్ల ఉపయోగం ఉండదు, మీ ఏర్పాటు మీరు చూసుకోవాలి:

- ఆధార్, పాస్‌పోర్టు, పెళ్ళి సర్టిఫికెట్, బ్యాంకు పత్రాలు, పిల్లల జనన ధ్రువపత్రాల నకళ్ళు నమ్మకస్తుల దగ్గర పెట్టండి.
- మీ ఒక్కరి పేరు మీద ఖాతా, అందులో కొన్ని వారాలు గడిచేంత డబ్బు.
- ‘ఇంట్లోంచి పో’ అంటున్నవారికి తెలియాల్సింది: గృహహింస నిరోధక చట్టం, 2005లోని 17వ సెక్షన్ ప్రకారం, ఇల్లు ఎవరి పేరు మీదున్నా, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు స్త్రీకి ఉంది. మాటలతో హింసించడం కూడా ఆ చట్టం కిందికే వస్తుంది.
- మహిళా హెల్ప్‌లైన్ 181.

అమెరికాలో హెచ్-4 వీసా మీద ఉన్నవారికి ఈ మాట ‘ఇండియా పంపించేస్తా’ రూపంలో వస్తుంది. హెచ్-4 హోదా భర్త లేదా భార్య హెచ్-1బి మీద ఆధారపడుతుంది, విడాకులతో పోతుంది కూడా. కాబట్టి భయం ఊరికే కాదు. కానీ ఎవరూ ఎవరినీ ఇంట్లోంచి నేరుగా దేశం దాటించలేరు. పాస్‌పోర్టు, ఐ-94 కాపీలు మీ దగ్గరే ఉంచుకోండి, భాగస్వామి లాయరు కాకుండా వేరే ఇమిగ్రేషన్ లాయరును కలవండి. అక్కడి గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233, దుబాసీ కావాలని అడగవచ్చు. ఫోన్ చేసేముందు, మీ ఫోన్ బిల్లు, కాల్ హిస్టరీ ఎవరు చూస్తారో ఒకసారి సరిచూసుకోండి.